నాలుగు లీటర్లు తాగినా మోషన్ ఎందుకు అవట్లేదు?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 44 ఏళ్లు. మల్కాజిగిరిలో ఉంటాం, హిమాయత్‌నగర్‌లో బ్యాంకు ఉద్యోగం. ఆరు నెలలుగా మోషన్ సరిగ్గా అవట్లేదు. మూడు రోజులకోసారి, అదీ మేక పెంటికల్లా గట్టిగా. నీళ్లు తక్కువ తాగుతున్నావని అందరూ అంటే లీటరు సీసా కొనుక్కుని రోజూ నాలుగు సీసాలు ఖాళీ చేస్తున్నాను. రాత్రి మూడుసార్లు బాత్రూముకి లేవడం తప్ప మార్పేమీ లేదు. పొద్దున ఇడ్లీ లేదా దోసె, మధ్యాహ్నం బాక్సులో అన్నం, పప్పు, ఏదో ఒక వేపుడు, రాత్రి అన్నం, పచ్చడి, పెరుగు. రక్తం తక్కువుందని ఏడు నెలల నుంచి ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకుంటున్నాను. మా అత్తగారికి 72 ఏళ్లు, గుండె జబ్బు ఉంది, ఆవిడకీ ఇదే ఇబ్బంది. ఆవిడ చేత కూడా మూడు లీటర్లు తాగిస్తున్నాను. నేను ఐదు లీటర్లు చేయమంటారా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

సమాధానం: ముందు మీ అత్తగారి సంగతి చూద్దామమ్మా, అది ఆలస్యం చేయకూడని విషయం. గుండె జబ్బు అన్నారు గానీ ఏ రకమో రాయలేదు. గుండె పంపింగ్ తగ్గినవాళ్లకి ఒంట్లో నీరు చేరుతుంది. అందుకే అలాంటివాళ్లలో చాలామందికి రోజుకి ఒకటిన్నర, రెండు లీటర్లు దాటొద్దని డాక్టర్లు చెబుతారు, నీరు పోవడానికి మాత్రలు కూడా రాస్తారు. ఆ పరిస్థితిలో ఉన్న మనిషి మూడు లీటర్లు తాగితే ఆ నీరు మలాన్ని మెత్తబరచదు. పాదాల్లోకి, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఈరోజే ఆవిడ మందుల చీటీ తీసి చూడండి, గుండె డాక్టరుకి ఫోన్ చేసి రోజుకి ఎంత తాగొచ్చో అడగండి. చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోందా, పడుకుంటే ఆయాసం వస్తోందా, రెండు మూడు రోజుల్లోనే బరువు రెండు కిలోలు పెరిగిందా అన్నది గమనించండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఫోనుతో సరిపెట్టకుండా తీసుకెళ్లండి. ఊపిరి అందడం కష్టంగా ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

ఇక మీ విషయం. ఐదు లీటర్లు వద్దు. నాలుగు కూడా అక్కర్లేదు. ఎందుకో అర్థం కావాలంటే మీరు తాగిన నీళ్లు లోపల ఎటు పోతున్నాయో చూడాలి.

నీళ్లు నోట్లోంచి పొట్టలోకి, పొట్టలోంచి పేగుల్లోకి జారి, చివరికి మలాన్ని తడిపి బయటికి వస్తాయని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. మనం రోజుకి రెండు లీటర్లు తాగామనుకోండి. దానికి తోడు ఒళ్లు తనంతట తానే ఏడు లీటర్ల దాకా ద్రవాన్ని పేగుల్లోకి వదులుతుంది. లాలాజలం, కడుపులో ఊరే ఆమ్లం, పైత్యరసం, క్లోమరసం, చిన్న పేగు గోడల్లోంచి ఊరే రసం, అన్నీ కలిపి అంత అవుతాయి. అంటే రోజూ పేగుల్లోంచి నడిచేది దాదాపు తొమ్మిది లీటర్లు. అందులో ఎక్కువ భాగాన్ని చిన్న పేగే పీల్చేసుకుని రక్తంలోకి పంపేస్తుంది. పెద్ద పేగు దాకా వచ్చేది ఒకటిన్నర, రెండు లీటర్లు మాత్రమే. దాన్నీ పెద్ద పేగు పీల్చుకుంటుంది. చివరికి మలంతో పాటు బయటికి పోయే నీరు 100 నుంచి 200 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న గ్లాసుడు.

ఇప్పుడు మీరు రెండు లీటర్లు అదనంగా తాగారు. తొమ్మిది కాస్తా పదకొండు అయింది. చిన్న పేగు ఆ అదనపు నీటినీ పీల్చేసుకుంటుంది. ఒకవేళ కొంత తప్పించుకుని పెద్ద పేగు దాకా వచ్చినా, దానికి రోజుకి నాలుగైదు లీటర్లు పీల్చుకోగల శక్తి ఉంది. పీల్చుకున్నదంతా రక్తంలో కలుస్తుంది, రక్తంలో ఎక్కువైన నీటిని కిడ్నీలు మూత్రంగా పంపేస్తాయి. రాత్రి మూడుసార్లు మీ నిద్ర చెడగొడుతున్నవి ఆ నీళ్లే. అవి మలం దాకా చేరనేలేదు.

మరి మలం మెత్తగా ఉండేది ఎలా? మామూలు మలంలో నాలుగింట మూడు వంతులు నీరే ఉంటుంది. గట్టి మలానికీ మెత్తటి మలానికీ నీటి శాతంలో ఉండే తేడా మనం ఊహించినంత పెద్దది కాదు. ఆ కొద్దిపాటి నీరు లోపల నిలబడాలంటే పేగు పీల్చుకోలేని పదార్థం ఏదో ఒకటి దాన్ని పట్టి ఉంచాలి. తిండిలోని పీచు ఆ పని చేస్తుంది, కొన్ని మందులూ చేస్తాయి. రెండో అవసరం ఏంటంటే, మలం పెద్ద పేగులో మరీ ఎక్కువసేపు ఉండకూడదు. ఎంతసేపు ఉంటే అంత నీరు పోతుంది. మీకు మూడు రోజులకోసారి అవుతోందంటే, మొదటి రోజు మెత్తగా ఉన్నది కూడా మూడో రోజుకి గట్టిపడి ఉండలు కట్టేస్తుంది. పట్టి ఉంచేది లేకుండా, కదలిక పెరగకుండా, పైనుంచి ఎన్ని సీసాలు పోసినా ఈ రెండూ మారవు.

అలాగని నీళ్లతో అసలు సంబంధమే లేదని అనుకోకండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఒక వారం పాటు రోజుకి అర లీటరు కంటే తక్కువ ద్రవాలు ఇచ్చి చూసినప్పుడు మలం బరువూ తగ్గింది, వెళ్లే సార్లూ తగ్గాయి. ఒళ్లు ఎండిపోతే పెద్ద పేగు చివరి చుక్క దాకా పిండుకుంటుందన్నమాట. కాబట్టి మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లు ముట్టని మనిషి, రోజంతా కలిపినా లీటరు దాటని మనిషి, తాగడం పెంచితే మేలు కనిపించే అవకాశం ఉంది. ఎంత దాకా పెంచాలన్నదానికి 1998లో ఇటలీ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం పనికొస్తుంది. దీర్ఘకాలంగా మలబద్ధకం ఉన్న 117 మందికి రెండు నెలల పాటు రోజుకి 25 గ్రాముల పీచు ఉండే తిండి పెట్టారు. సగం మందిని నీళ్ల విషయంలో వాళ్ల ఇష్టానికి వదిలేశారు, వాళ్లు సగటున లీటరు పైచిలుకు తాగారు. మిగతా వాళ్ల చేత రెండు లీటర్ల మినరల్ వాటర్ తాగించారు. రెండు గుంపులకీ విరేచనం మెరుగైంది. రెండు లీటర్లు తాగినవాళ్లకి ఇంకాస్త ఎక్కువ మెరుగైంది. మినరల్ వాటర్‌లోని ఖనిజాల పాత్ర ఎంతన్నది విడదీయలేం గానీ, ఒక సంగతి గమనించండి. ఇక్కడ నీళ్లు ఒంటరిగా పనిచేయలేదు. ముందు పీచు ఉంది, దాని మీద నీళ్లు పనిచేశాయి. తాగింది కూడా రెండు లీటర్లే, నాలుగు కాదు.

అందుకని మీకు నా లెక్క ఇది. నీళ్లు, మజ్జిగ, టీ, కాఫీ, చారు అన్నీ కలుపుకుని రోజుకి రెండు నుంచి రెండున్నర లీటర్లు. టీ, కాఫీ తాగితే ఒంట్లో నీరంతా పోతుందన్న భయం వద్దు, రోజూ తాగేవాళ్లకి అవి కూడా లెక్కలోకే వస్తాయి. ఇది కాకుండా వండిన అన్నంలో, పప్పులో, కూరగాయల్లో, పండ్లలో ఉండే నీరు ఎలాగూ లోపలికి వెళుతుంది. అన్నంలో మూడింట రెండు వంతులు నీరే. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా మామూలు ఆరోగ్యవంతులకి రోజుకి ఎనిమిది గ్లాసులు, అంటే రెండు లీటర్ల దగ్గరే సరిపెట్టింది. మే నెలలో ఎండ నలభై దాటి, మీరు మెట్రో దిగి నడిచి చెమటతో తడిసే రోజుల్లో మూడు లీటర్ల దాకా అవసరం పడొచ్చు. బ్యాంకులో ఏసీ కింద కూర్చునే డిసెంబరులో రెండు చాలు. సీసా మీద గీతల కన్నా మీ దాహం, మూత్రం రంగు నమ్మకమైన గుర్తులు. పగటిపూట మూత్రం లేత పసుపుగా ఉంటే సరిపోయినట్టే. ముదురు పసుపుగా ఉంటే ఇంకో గ్లాసు తాగండి. రోజంతా నీళ్లలాగే రంగు లేకుండా ఉంటే అవసరానికి మించి తాగుతున్నారని అర్థం. రాత్రి ఎనిమిది తర్వాత తాగడం తగ్గిస్తే ఆ మూడుసార్లు లేవడం కూడా తగ్గుతుంది. తాగడం తగ్గించాక కూడా లేవాల్సి వస్తుంటే, విపరీతంగా దాహం వేస్తుంటే, ఒకసారి షుగర్ పరీక్ష చేయించండి.

నాలుగు లీటర్లు రోజంతా సర్దుకుని తాగితే ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు తట్టుకుంటాయి. కానీ టార్గెట్ పూర్తికాలేదని సాయంత్రం గంటలో లీటరున్నర, రెండు లీటర్లు గబగబా తాగేవాళ్లని చూస్తుంటాను. అది ప్రమాదం. రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి. ముదిరితే ఫిట్స్ దాకా వెళుతుంది. ఆ అలవాటు మీకుంటే మానేయండి.

ఇప్పుడు మీ పళ్లెం దగ్గరికి వద్దాం. మీరు రాసిన తిండిలో రోజుకి ఎంత పీచు ఉంటుందో లెక్క వేశాను. పొద్దున ఇడ్లీ, చట్నీలో మూడు నాలుగు గ్రాములు. మధ్యాహ్నం అన్నంలో మూడు, పప్పులో రెండున్నర, వేపుడులో మూడు. రాత్రి అన్నంలో రెండు, పచ్చడిలో ఒకటి, పెరుగులో సున్నా. ఎంత ఉదారంగా వేసినా పదిహేను గ్రాముల దగ్గరే ఆగుతోంది. కావలసింది రోజుకి 25 నుంచి 30 గ్రాములు. అంటే సగమే తింటున్నారు, రెట్టింపు నీళ్లు తాగుతున్నారు. పట్టి ఉంచేది లేనప్పుడు ఆ నీళ్లు మూత్రంలోకే పోతాయి.

ఈ లోటు పూడ్చడానికి ఖరీదైన విత్తనాలూ డబ్బాలూ కొననక్కర్లేదు. 2017లో పోషకాహార సంస్థ వేసిన ఆహార విలువల పట్టికలు చూస్తే, వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు మూడు గ్రాములకి లోపే. అదే వంద గ్రాముల జొన్నల్లో పది, పొట్టు తీయని పెసల్లో పదిహేడు దాకా ఉంటుంది. జామకాయలో ఎనిమిది గ్రాములకి పైనే. కాబట్టి వారానికి మూడు నాలుగు రోజులు ఇడ్లీ స్థానంలో పెసరట్టు వేసుకోండి, పొట్టు పెసలు నానబెట్టి రుబ్బినది. యాభై గ్రాముల పెసల్లోనే ఎనిమిది గ్రాములు వచ్చేస్తాయి. రాత్రి అన్నానికి బదులు రెండు జొన్న రొట్టెలు తింటే ఇంకో ఏడెనిమిది. చేయడం రాకపోతే, ఓపిక లేకపోతే, సాయంత్రం మన వీధుల్లో పెనం పెట్టుకుని వేడిగా కాల్చి ఇచ్చేవాళ్లు ఉండనే ఉన్నారు. నాలుగింటికి టీతో బిస్కెట్లు తినేవాళ్లయితే వాటి బదులు గింజలతో సహా ఒక జామకాయ. బాక్సులో ఆలూ వేపుడు పెట్టుకునే రోజుల్లో కొన్నిటికైనా గోరుచిక్కుడు, బెండకాయ, తోటకూర పప్పు రావాలి.

అయితే ఇవన్నీ రేపు పొద్దున్నే మొదలుపెట్టకండి. పదిహేను గ్రాములకి అలవాటుపడిన పేగుకి ఒక్కసారిగా ముప్పై ఇస్తే గ్యాస్ పట్టి, పొట్ట ఉబ్బి, "పీచు నాకు పడదు" అని రెండో రోజే మానేస్తారు. మొదటి వారం జామకాయ ఒక్కటే కలపండి. రెండో వారం జొన్న రొట్టె. మూడో వారం పెసరట్టు.

ఇసబ్‌గోల్ గురించి మీరు అడగలేదు గానీ, మీకు అది పనికొస్తుంది. ఒకసారి ఇంట్లో చేసి చూడండి. గాజు గ్లాసులో నీళ్లు పోసి, ఒక చెంచా ఇసబ్‌గోల్ పొట్టు వేసి కలిపి పది నిమిషాలు వదిలేయండి. నీళ్లు చిక్కబడి జిగురులా మారతాయి, గ్లాసు వంచినా త్వరగా జారవు. నీళ్లు ఎక్కడికీ పోలేదు, పొట్టు వాటిని పట్టుకుంది. ఆ పట్టులోని నీటిని పేగు తేలిగ్గా లాక్కోలేదు, అందుకే అది మలంతో పాటు చివరి దాకా వస్తుంది. ఇదే గ్లాసుడు నీళ్లని పొట్టు లేకుండా తాగితే గంటా గంటన్నరలో రక్తంలో కలిసి, ఆ తర్వాత మూత్రంగా పోతుంది.

వాడే పద్ధతి ముఖ్యం. భోజనాలు చేసే పెద్ద చెంచాతో నిండుగా తీస్తే సుమారు ఐదు గ్రాములు వస్తుంది. మొదటి వారం అర చెంచా, రెండో వారం ఒక చెంచా, పొట్ట ఉబ్బకుండా ఉంటే మూడో వారం నుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ప్రతిసారీ 250 మిల్లీలీటర్ల గ్లాసు నిండా నీళ్లలో కలిపి, చిక్కబడేలోపే తాగేయాలి. వెంటనే ఇంకో అర గ్లాసు నీళ్లు తాగండి. పొడిగా నోట్లో వేసుకుని గుక్కెడు నీళ్లతో మింగడం చాలా తప్పు, గొంతులోనో అన్నవాహికలోనో ఉబ్బి అడ్డం పడుతుంది. తాగిన వెంటనే పడుకోకండి, కనీసం ఒక గంట గడవనివ్వండి. మింగడం కష్టంగా ఉన్నవాళ్లు, నీళ్లకి పరిమితి ఉన్నవాళ్లు దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు. మీ అత్తగారికి మీ డబ్బాలోంచి చెంచా తీసి ఇవ్వొద్దు. సోడా ఉప్పులాంటి నురగ పొడులూ వద్దు, వాటిలోని సోడియం ఒంట్లో నీటిని ఇంకా నిలబెడుతుంది. ఆవిడకి లాక్టులోజ్ సిరప్ లాంటిది ఏదైనా వాడొచ్చేమో ఎలాగూ ఫోన్ చేస్తారు కాబట్టి ఆ డాక్టరునే అడగండి. ఇసబ్‌గోల్ ఫలితం రెండు రోజుల్లో కనిపించదు, పూర్తి మోతాదులో నాలుగు వారాలు చూడాలి.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ అనుమానం కలిగించింది మాత్రల సంగతి. ఏడు నెలల కింద మాత్రలు మొదలయ్యాయి, ఆరు నెలల కింద మలబద్ధకం మొదలైంది. ఐరన్ మాత్రలు చాలామందికి మలాన్ని నల్లగా, గట్టిగా చేస్తాయి. కాల్షియం కూడా తోడైతే చెప్పనక్కర్లేదు. ఇవి తెచ్చిన మలబద్ధకాన్ని నీళ్లతో కడిగేయలేం. అలాగని మాత్రలు మీకు మీరు ఆపేయకండి, రక్తహీనతని అలా వదిలేయకూడదు. రాసిన డాక్టరు దగ్గరికి వెళ్లి నాలుగు విషయాలు అడగండి. ఇప్పుడు హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వని చెప్పే ఫెర్రిటిన్ ఎంత ఉన్నాయి, ఇంకా ఎన్నాళ్లు వాడాలి? రోజూ కాకుండా రోజు విడిచి రోజు వేసుకోవచ్చా? (రోజు విడిచి రోజు వేసుకుంటే ఒక్కో మాత్రలోంచి ఒంటికి పట్టే ఐరన్ శాతం పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది, చాలామందికి ఇబ్బందీ తగ్గుతుంది.) కాల్షియం నిజంగా అవసరమా? అన్నిటికన్నా ముఖ్యంగా, రక్తం ఎందుకు తగ్గింది? నెలసరిలో ఎక్కువ పోతోందా, మొలల నుంచి పోతోందా, పేగుల్లోంచి పోతోందా? 44 ఏళ్లకి రక్తహీనత, మలబద్ధకం రెండూ కలిసి ఉన్నప్పుడు ఈ ప్రశ్నకి జవాబు దొరకాల్సిందే. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకుంటున్నట్టయితే అదీ మార్చుకోండి, కాల్షియం ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. ఏ మాత్రకైనా ఇసబ్‌గోల్‌కీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి.

మలబద్ధకం, అలసట, రక్తం తక్కువ కావడం మూడూ థైరాయిడ్ మందగించినప్పుడు కూడా కనిపిస్తాయి. ఈమధ్య టీఎస్‌హెచ్ చేయించుకోకపోతే చేయించండి. బీపీకి ఆమ్లోడిపిన్, నొప్పులకి ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, జలుబుకి నిద్రమత్తు తెచ్చే మాత్రలు, అల్యూమినియం ఉన్న గ్యాస్ మందులు కూడా మలాన్ని కట్టేస్తాయి. వీటిలో ఏదైనా వాడుతూ ఉత్తరంలో రాయడం మర్చిపోయి ఉంటే అదీ డాక్టరుకి చెప్పండి.

పొద్దున ఎన్నింటికి ఇల్లు వదులుతారో రాయలేదు గానీ, మల్కాజిగిరి నుంచి హిమాయత్‌నగర్ వెళ్లాలంటే టిఫిన్ తింటూనే పరుగెత్తుతారని ఊహించగలను. కడుపులోకి తిండి పడగానే పెద్ద పేగు కదులుతుంది. రోజు మొత్తంలో ఆ కదలిక బలంగా ఉండేది పొద్దున లేచాక, టిఫిన్ తర్వాతే. సరిగ్గా అదే సమయానికి మీరు బస్సులోనో మెట్రోలోనో ఉంటారు. వచ్చిన ఒత్తిడిని ఆపుకుంటే అది కాసేపటికి సద్దుమణుగుతుంది, మలం లోపలే ఉండి ఇంకాస్త నీరు కోల్పోతుంది. రోజూ ఆపుకుంటూ పోతే ఆ ఒత్తిడి తెలియడం కూడా తగ్గిపోతుంది. పొద్దున గోరువెచ్చటి నీళ్లు తాగితే మోషన్ అవుతుందని పెద్దవాళ్లు అనేదాంట్లో కొంత నిజం ఉంది, ఆ గ్లాసు వెళ్లి మలాన్ని తడపడం వల్ల కాదు, ఖాళీ కడుపుని నింపి ఈ కదలికని మొదలుపెట్టడం వల్ల. దానికి ఒక్క గ్లాసు చాలు. లీటరు తాగినంత మాత్రాన నాలుగు రెట్లు పనిచేయదు. కాఫీ అలవాటుంటే అదీ ఇదే పని చేస్తుంది. అలారం ఇరవై నిమిషాలు ముందుకు జరిపి, టిఫిన్ ముందుగా తిని, ఆ తర్వాత ఐదు పది నిమిషాలు ఫోన్ లేకుండా కూర్చోండి. వెస్ట్రన్ కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్లు నడుము కన్నా ఎత్తులో ఉండేలా ముందుకి వంగండి. అలా కూర్చుంటే మలద్వారం దగ్గర మడత పడి ఉండే దారి నిటారుగా సాగుతుంది. పది నిమిషాల్లో రాకపోతే లేచిపోండి, ముక్కుతూ కూర్చోవద్దు.

పీచు, ఇసబ్‌గోల్, మాత్రల మార్పు అన్నీ సరిగ్గా చేసినా నాలుగు వారాలకి తేడా రాకపోతే డాక్టరు సలహాతో పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి వాడొచ్చు. 17 గ్రాముల పొడిని ఒక గ్లాసు నీళ్లలో కలిపి రోజుకి ఒకసారి తాగుతారు. ఆ పొడిని పేగు పీల్చుకోలేదు, తనతో పాటు నీటినీ చివరి దాకా మోసుకెళుతుంది. నాలుగు సీసాల మంచినీళ్లు చేయలేని పనిని ఆ ఒక్క గ్లాసు చేసేది అందుకే. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో ఫలితం కనిపిస్తుంది. అలవాటు పడిపోతామన్న భయంతో దీన్ని వద్దనేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, వైద్యుల పర్యవేక్షణలో నెలల తరబడి వాడినా ఫర్వాలేని మందు ఇది.

ఒక రకం మలబద్ధకానికి నీళ్లూ పీచూ రెండూ పనిచేయవు, కొన్నిసార్లు పీచు ఇంకా ఇబ్బంది పెడుతుంది. మలం మెత్తగానే ఉంటుంది, అయినా బయటికి రాదు. అరగంట ముక్కాలి, వచ్చాక కూడా ఇంకా మిగిలిపోయినట్టే ఉంటుంది, కొందరికి వేలితో తీయాల్సి వస్తుంది. ముక్కేటప్పుడు వదులవ్వాల్సిన మలద్వారం కండరాలు బిగుసుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. కాన్పులయిన ఆడవాళ్లలో, ఏళ్ల తరబడి ఆపుకున్నవాళ్లలో ఇది చూస్తుంటాం, సిగ్గుతో చెప్పుకోరు. మీకు ఈ లక్షణాలు ఉంటే గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకి దాచకుండా చెప్పండి. ఆ కండరాల ఒత్తిడిని కొలిచే పరీక్ష హైదరాబాద్‌లోని పెద్ద గ్యాస్ట్రో ఆసుపత్రుల్లో ఉంది. బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణతో ఆ కండరాలని వదలడం మళ్లీ నేర్పిస్తారు. అక్కడ మందుల కన్నా ఆ శిక్షణే ఎక్కువ పనిచేస్తుంది.

ఈ నాలుగు వారాల్లో మలంలో రక్తం కనిపించినా, ప్రయత్నించకుండానే బరువు తగ్గుతున్నా, మాత్రలు వాడుతున్నా రక్తం పెరగకపోయినా, మీ ఇంట్లో ఎవరికైనా పెద్ద పేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా ఆగకుండా వెళ్లి చూపించుకోండి. ఐరన్ వల్ల వచ్చే నలుపు మామూలుగా ఉంటుంది గానీ, తారులా జిగటగా, దుర్వాసనతో ఉన్న నలుపు వేరు, అది లోపలి రక్తస్రావం కావచ్చు. పొట్ట బాగా ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకపోతే పేగుకి అడ్డం పడి ఉండొచ్చు. అప్పుడు ఇసబ్‌గోల్ గానీ, విరేచనాల మందు గానీ ఏదీ వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.